ప్రిల్ మాత్రా, సార్టాన్ మాత్రా? దగ్గు, పెదవి వాపు ఒకదానితోనే ఎందుకొస్తాయి

మొన్న ఎండాకాలంలో తెనాలి దగ్గర ఊరి నుంచి ఒక యాభై నాలుగేళ్ల ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చేతిలో బట్టల షాపు సంచి, దాని నిండా మందుల చీటీలు. నాలుగు నెలలుగా పొడి దగ్గు. మూడు రకాల సిరప్‌లు తాగింది, రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడింది, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంది, టీబీ కోసం రెండుసార్లు తెమడ పరీక్ష ఇచ్చింది. అన్ని రిపోర్టులూ బాగానే ఉన్నాయి. దగ్గు మాత్రం తగ్గలేదు.

"అమ్మా, బీపీ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారు?"

"సంక్రాంతికి ముందండీ."

"దగ్గు?"

"పండగ అయ్యాక ఓ పది రోజులకండీ. అరిసెల నూనె పడలేదేమో అనుకున్నా."

రాత్రి దగ్గు వచ్చినప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. "గొంతులో ఈక పెట్టి తిప్పినట్టు ఉంటదండీ. లేచి కూర్చుని గుక్కెడు వేడినీళ్లు తాగితే ఆగుద్ది. పడుకోగానే మళ్లీ మొదలు." తర్వాత గొంతు తగ్గించి, గట్టిగా దగ్గితే చీర తడుస్తోందని కూడా చెప్పింది. అందుకే పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసిందట.

సంచి అడుగున ఉన్న చీటీలో రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు, రోజుకొకటి అని రాసి ఉంది. నాలుగు నెలల దగ్గుకు కారణం అదే. ఆ చీటీ మొదటి రోజు నుంచీ సంచిలోనే ఉంది. కానీ దగ్గు చూసిన వాళ్లెవరూ బీపీ మాత్ర పేరు అడగలేదు, బీపీ చూసిన వాళ్లు దగ్గు గురించి అడగలేదు.

మీరు వాడే బీపీ మాత్ర ఏ రకమో తెలుసుకోవడం చాలా తేలిక. అట్ట మీద కంపెనీ పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్నగా ఉంటుంది. ఆ చిన్న పేరు చివర చూడండి. "ప్రిల్" అని ఉంటే అది ఏస్ ఇన్హిబిటర్: రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అలాంటివి. "సార్టాన్" అని ఉంటే ఏఆర్‌బీ: టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్, వల్‌సార్టాన్. రెండు రకాలూ ఒకే దారి మీద పనిచేస్తాయి. అయితే ఆ దారిని అడ్డుకునే చోటు వేరు. దగ్గు ఎందుకొస్తుందో, ఎవరు ఏది వాడాలో ఆ చోటును బట్టే తేలుతుంది.

ఒక కత్తెర, రెండు పనులు

ఆవిడ టైలర్ కాబట్టి కత్తెరతోనే చెప్పాను. మీకూ అలాగే చెబుతాను.

రక్తపోటు తగ్గిందనిపించినప్పుడు కిడ్నీలు రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దానివల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ 1 తయారవుతుంది. ఇది పది పూసల దండ లాంటిది, దానంతట అది చేసేదేమీ పెద్దగా లేదు. ఏస్ అనే ఎంజైమ్ వచ్చి చివరి రెండు పూసల్ని కత్తిరిస్తుంది. మిగిలిన ఎనిమిది పూసల దండే యాంజియోటెన్సిన్ 2. ఇది రక్తనాళాలను బిగిస్తుంది, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడుతుంది. బీపీ పెరుగుతుంది. ఈ కత్తెర రక్తనాళాల లోపలి పొర మీద ఉంటుంది, ఊపిరితిత్తుల్లో మరీ ఎక్కువగా ఉంటుంది.

ప్రిల్ మాత్ర ఈ కత్తెరను పట్టేస్తుంది. పది పూసల దండ తెగదు, బీపీ పెంచే పదార్థం తగ్గుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ ఈ కత్తెరకు ఇంకో పని కూడా ఉంది. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని ముక్కలు చేసి పారేసేది కూడా ఇదే. శాస్త్రవేత్తలు మొదట్లో ఇవి రెండు వేర్వేరు ఎంజైములనుకుని రెండు పేర్లు పెట్టారు. ఆ తర్వాతే రెండూ ఒకటేనని తేలింది. బ్రాడికైనిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది, వాటి గోడల్లోంచి నీరు బయటికి ఊరేలా చేస్తుంది, నొప్పినీ దురదనూ మోసే నరాల కొసల్ని రెచ్చగొడుతుంది. మామూలుగా ఇది పుట్టిన కొన్ని సెకన్లకే తెగిపోతుంది. కత్తెర పనిచేయకపోతే పుట్టినది పుట్టినట్టు పోగుపడుతుంది.

ఈ మందు పుట్టుక కథలోనే బ్రాడికైనిన్ ఉంది. బ్రెజిల్‌లో జరారాకా అనే రక్తపింజరి కుటుంబపు పాము ఉంది. అది కరిచిన వాళ్లకు బీపీ పడిపోతుంది. 1949లో మౌరీసియో రోషా ఎ సిల్వా బృందం ఈ పాము విషంతో పరిశోధన చేస్తూ బ్రాడికైనిన్‌ను కనిపెట్టింది. 1965లో సెర్జియో ఫెరేరా ఇంకో సంగతి గమనించాడు. అదే విషంలో బ్రాడికైనిన్‌ను తెగకుండా కాపాడే పదార్థం కూడా ఉంది. దాని జాడ పట్టుకుని అమెరికాలో కష్‌మన్, ఒండెట్టి నోటితో మింగగల మాత్ర తయారుచేశారు. అదే కాప్టోప్రిల్, 1981లో అక్కడ అనుమతి వచ్చింది. అంటే బ్రాడికైనిన్‌ను నిలబెట్టడం ఈ మందుకు తర్వాత అంటుకున్న దోషం కాదు, ఆ గుణం వల్లే మందు దొరికింది. కొన్నేళ్లు వాడాక రోగులు దగ్గుతో రావడం మొదలయ్యాక ఆ గుణానికి రెండో ముఖం కూడా ఉందని అర్థమైంది.

సార్టాన్ దారి వేరు. అది కత్తెర జోలికి వెళ్లదు. కత్తెర రెండు పనులూ చేసుకుంటూనే ఉంటుంది. యాంజియోటెన్సిన్ 2 తయారవుతుంది, బ్రాడికైనిన్ ఎప్పటిలాగే తెగిపోతుంది. కాకపోతే యాంజియోటెన్సిన్ 2 వెళ్లి రక్తనాళాన్ని బిగించాలంటే ఏటీ1 అనే తాళంలో దూరాలి. సార్టాన్ ముందే ఆ తాళంలో కూర్చుంటుంది. తాళంచెవి ఎంత ఉన్నా దూరే చోటు లేదు. మొదటిదైన లోసార్టాన్ అమెరికాలో 1995లో వచ్చింది.

దగ్గు ఎలా మొదలవుతుంది

ఊపిరితిత్తుల గొట్టాల్లో, గొంతులో సన్నని నరాల కొసలు ఉంటాయి, గాలిలో ఏదైనా చెడ్డది వస్తే అవి పసిగడతాయి. ప్రిల్ వాడుతుంటే అక్కడ బ్రాడికైనిన్ పేరుకుంటుంది. అదే కత్తెర తెంచాల్సిన సబ్‌స్టెన్స్ పి అనే ఇంకో పదార్థం కూడా దానితోపాటు పేరుకుంటుంది. నరాల కొసలు అతిగా సున్నితమైపోతాయి. మామూలుగా పట్టించుకోని చల్లగాలికీ, నాలుగు మాటలు గట్టిగా మాట్లాడినందుకూ, పడుకున్నందుకూ దగ్గు వస్తుంది. ఊపిరితిత్తులకు జబ్బేమీ లేదు. అందుకే ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. తెమడ పడదు. సిరప్‌లు పనిచేయవు, ఎందుకంటే సిరప్ బ్రాడికైనిన్‌ను తెంచదు.

ప్రిల్ వాడేవాళ్లలో వందకు 5 నుంచి 20 మంది వరకు ఈ దగ్గు వస్తుందని ఎక్కువగా చెబుతారు. ఆడవాళ్లలో ఎక్కువ. చైనా, జపాన్ వైపు వాళ్లలో ఇంకా ఎక్కువ. కొందరికి మొదటి మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే వస్తుంది, కొందరికి వారాలు, నెలలు పడుతుంది. ఈ ఆలస్యం వల్లే మాత్రకూ దగ్గుకూ ముడి కనపడదు. అరిసెల నూనె మీదకో, ఫ్యాన్ గాలి మీదకో, దుమ్ము మీదకో పోతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు పదేపదే చూస్తుంటాను. ఒకటి, డోసు సగం చేయడం. ఈ దగ్గు డోసును బట్టి తగ్గేది కాదు. 5 మిల్లీగ్రాములను 2.5 చేస్తే బీపీ పెరుగుతుంది, దగ్గు మాత్రం అలాగే ఉంటుంది. రెండోది, రామిప్రిల్ ఆపి ఎనలాప్రిల్ ఇవ్వడం. పేరు మారింది గానీ పట్టేసింది అదే కత్తెర కాబట్టి దగ్గు మళ్లీ వస్తుంది.

సార్టాన్‌కు మారితే నిజంగా తగ్గుతుందా అన్న ప్రశ్నకు 1994లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం నాకు బాగా నచ్చుతుంది. ప్రిల్ మాత్రతో దగ్గు వచ్చిన వాళ్లను తీసుకుని, ఏ మాత్ర ఇస్తున్నారో చెప్పకుండా కొందరికి లిసినోప్రిల్, కొందరికి లోసార్టాన్, కొందరికి దగ్గుకు సంబంధమే లేని నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసి బీపీ తగ్గించే మాత్ర ఇచ్చారు. లిసినోప్రిల్ వాళ్లలో వందకు 72 మందికి దగ్గు తిరిగొచ్చింది. లోసార్టాన్ వాళ్లలో 29 మందికి, నీటి మాత్ర వాళ్లలో 34 మందికి. లోసార్టాన్ దగ్గు తెప్పించే విషయంలో నీటి మాత్రతో సమానమన్నమాట. ఇంకో సంగతి కూడా ఇందులో ఉంది. దగ్గుకు సంబంధం లేని మాత్ర వేసుకున్న వాళ్లలోనూ మూడో వంతు మంది దగ్గారు. అంటే దగ్గిన ప్రతివాళ్ల విషయంలోనూ మాత్రనే నిందించలేం.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించాల్సిందే. ప్రిల్ వాడుతున్నారని ఆ పరీక్ష మానకూడదు. జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, రాత్రి చెమటలు ఉంటే అది మాత్ర దగ్గు కాదు. గుండె బలహీనమైన వాళ్లకు పడుకోగానే దగ్గు, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి. ఎక్స్‌రే, పరీక్షలు బాగుండి, దగ్గు పొడిగా, గొంతు గరగరతో ఉండి, మాత్ర మొదలయ్యాకే వచ్చి ఉంటే అప్పుడు మాత్రను అనుమానించాలి. మాత్ర మార్చాక దగ్గు పోతేనే అది నిర్ధారణ. దీనికి వేరే రక్త పరీక్ష లేదు.

పెదవి వాపు: ఇది దగ్గులాంటిది కాదు

ఇదే బ్రాడికైనిన్ పోగుపడటం చాలా కొద్దిమందిలో ఇంకో రూపంలో బయటపడుతుంది. రక్తనాళాల గోడల సందులు తెరుచుకుని చర్మం లోపలి పొరల్లోకి నీరు ఊరుతుంది. పెదవులు, నాలుక, బుగ్గలు, కొండనాలుక, గొంతు వాస్తాయి. దీన్ని యాంజియోఎడీమా అంటారు. వెయ్యి మందిలో 1 నుంచి 7 మందికి వస్తుంది. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో దీనికి మూడు నాలుగు రెట్లు ఎక్కువ. దగ్గు నిద్ర చెడగొడుతుంది. ఇది గాలి దారిని మూసేస్తుంది.

దీన్ని ఎలర్జీ అనుకోవడమే అతి పెద్ద ప్రమాదం. ఒకాయన రెండేళ్లుగా ఎనలాప్రిల్ వాడుతున్నాడు. ఒక పొద్దున లేచేసరికి కింది పెదవి వంకాయంత వాచింది. ముందురోజు రాత్రి రొయ్యలు తిన్నాడు కాబట్టి రొయ్యలు పడలేదన్నారు. ఎలర్జీ ఇంజెక్షన్ చేశారు, మర్నాటికి తగ్గింది. ఇంజెక్షన్‌తో తగ్గిందనుకున్నారు. అది సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆయన రొయ్యలు మానేశాడు, ఎనలాప్రిల్ మానలేదు. మూడు నెలల తర్వాత ఈసారి నాలుక వాచింది. మాట ముద్దగా వచ్చింది, ఉమ్మి మింగలేక నోట్లోంచి కారింది. అదృష్టం బాగుండి ఐసీయూ ఉన్న చోటికి టైముకు చేరాడు.

తేడా ఎలా తెలుస్తుంది? ఆహారం, మందుల ఎలర్జీలో హిస్టమిన్ విడుదలవుతుంది. దద్దుర్లు, దురద, కళ్లు ఎర్రబడటం ఉంటాయి, తిన్న కొద్ది సేపటికే మొదలవుతుంది. ప్రిల్ వాపులో దద్దుర్లుండవు, దురదుండదు, కొన్ని గంటలపాటు మెల్లగా పెరుగుతుంది. మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లో ఎక్కువగా వస్తుంది గానీ, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడిన వాళ్లకూ రావచ్చు. "ఇన్నేళ్లు పడింది కదా, ఇప్పుడెందుకు పడదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. అరుదుగా వాపు పేగుల్లో వస్తుంది. అప్పుడు బయటికి ఏమీ కనపడదు, కడుపునొప్పి, వాంతులు మాత్రమే ఉంటాయి.

ఈ వాపులో హిస్టమిన్ పాత్ర లేదు కాబట్టి ఎలర్జీ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు దీని మీద సరిగా పనిచేయవు. అడ్రినలిన్ మీద కూడా ఆశ పెట్టుకోలేం. అయినా డాక్టర్లు ఇవి ఇస్తారు, ఇవ్వాలి కూడా. మొదటి నిమిషాల్లో అది ఏ వాపో ఖాయంగా చెప్పలేరు, నిజమైన ఎలర్జీ షాక్ అయితే అడ్రినలిన్ ప్రాణం కాపాడుతుంది. కానీ ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోవడం మాత్రం తప్పు. అవసరమైతే శ్వాసనాళంలో గొట్టం వేయగలిగిన చోట గంటల తరబడి గమనించాలి. కొన్ని ఆసుపత్రుల్లో ప్లాస్మా ఎక్కిస్తారు. దాత రక్తంలోని ప్లాస్మాలో పనిచేసే కత్తెర ఉంటుంది, అది పోగుపడిన బ్రాడికైనిన్‌ను తెంచుతుందని. ఇకాటిబాంట్ అనే ఖరీదైన ఇంజెక్షన్ బ్రాడికైనిన్ తాళాన్ని మూస్తుంది. దానిమీద ఫలితాలు ఒక అధ్యయనంలో ఒకలా, ఇంకో దాంట్లో ఇంకోలా వచ్చాయి.

గొంతు మారినా, మింగలేకపోయినా, ఉమ్మి కారుతున్నా, ఊపిరి తీసేటప్పుడు శబ్దం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ మాత్ర అట్టను వెంట తీసుకెళ్లండి. వాపు వచ్చిందంటే ఆ ప్రిల్ మాత్ర ఆ క్షణం నుంచి ఆపేయాలి. ఆ ఒక్కటే కాదు, ఏ ప్రిల్ కూడా జన్మలో మళ్లీ వేసుకోకూడదు. మీ ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాయించుకోండి.

దగ్గు వచ్చిన వాళ్లను మర్నాడే సార్టాన్‌కు మార్చవచ్చు. వాపు వచ్చిన వాళ్ల విషయంలో అంత తొందర నాకిష్టం ఉండదు. ప్రిల్ ఆపిన తర్వాత కూడా మొదటి నెలలో వాపు మళ్లీ రావచ్చు. ఆ సమయంలోనే సార్టాన్ మొదలుపెడితే నేరం దాని మీద పడుతుంది. నేనైతే కొన్ని వారాలు అమ్లోడిపిన్ లాంటి వేరే దారి మందుతో బీపీ చూస్తాను. సార్టాన్ తప్పనిసరి అయితే, అంటే గుండె బలహీనతో, కిడ్నీ నుంచి ప్రొటీన్ పోవడమో ఉంటే, అప్పుడు జాగ్రత్తలు చెప్పి మొదలుపెడతాను. ఎక్కువమందికి ఏమీ కాదు, వందలో కొద్దిమందికి మళ్లీ వాపు వస్తుంది. సార్టాన్‌తో వాపు అసలు రాదని చెప్పలేం గానీ, ప్రిల్‌తో పోలిస్తే చాలా అరుదు.

మరి ఎవరికి ఏది

బీపీ తగ్గించడంలో, గుండెపోటు, పక్షవాతం ఆపడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో గుండె, షుగరు ముప్పు ఎక్కువగా ఉన్న 25 వేల మందికి పైగా పాల్గొన్నారు. రామిప్రిల్ 10 మిల్లీగ్రాములు వాడిన వాళ్లలోనూ, టెల్మిసార్టాన్ 80 వాడిన వాళ్లలోనూ గుండె సమస్యలు దాదాపు సమానంగానే వచ్చాయి. దగ్గు భరించలేక మాత్ర మానేసిన వాళ్లు రామిప్రిల్‌తో వందకు 4.2, టెల్మిసార్టాన్‌తో 1.1. వాపు 0.3, 0.1. పైగా ఆ అధ్యయనం మొదట్లోనే రామిప్రిల్ పడని వాళ్లను పక్కన పెట్టేసింది. నిజ జీవితంలో తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది. 2021లో దాదాపు 30 లక్షల మంది రికార్డులు చూసిన ఇంకో అధ్యయనం కూడా ఇదే చెప్పింది. మేలులో తేడా లేదు, దగ్గు, వాపు ప్రిల్‌లోనే ఎక్కువ.

అందుకే కొత్తగా బీపీ బయటపడి ఇంకే జబ్బూ లేని మనిషికి ఈ రెండింట్లో ఒకటి ఇవ్వాల్సి వస్తే నేను సార్టాన్‌తోనే మొదలుపెడతాను. రెండూ జనరిక్‌గా జన ఔషధి షాపుల్లో కూడా చవగ్గా దొరుకుతాయి. ధర ఒక్కటే చూసి ప్రిల్‌కు మొగ్గే రోజులు పోయాయి. మన ప్రభుత్వ బీపీ కార్యక్రమంలో కూడా చాలా రాష్ట్రాలు అమ్లోడిపిన్‌తో మొదలుపెట్టి, అది చాలకపోతే టెల్మిసార్టాన్ చేర్చే పద్ధతినే పెట్టుకున్నాయి.

అయితే ప్రిల్ వాడుతూ ఏళ్లుగా హాయిగా ఉన్న వాళ్లను నేను మార్చను. దగ్గు లేదు, బీపీ అదుపులో ఉంది అంటే దాన్ని కదపాల్సిన పని లేదు. గుండెపోటు వచ్చి గుండె పంపింగ్ తగ్గిన వాళ్లకు మొదట ప్రిల్ వైపే మొగ్గు. అక్కడ దాని మీద ఉన్న అనుభవం, రుజువులు ఎక్కువ. పడకపోతే అప్పుడు వల్‌సార్టాన్, క్యాండెసార్టాన్ ఉన్నాయి. గుండె జబ్బు వాళ్లు దగ్గు వచ్చిందని మాత్రను సొంతంగా ఆపేయకూడదు. మార్చడం వేరు, ఆపడం వేరు. ఆపేస్తే ఆయాసంతో ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది.

సార్టాన్‌నే ఎంచుకోవాల్సిన వాళ్లు ఇంకొందరున్నారు. ఎప్పుడైనా కారణం తెలియకుండా పెదవులు, నాలుక వాచిన వాళ్లు, వంశపారంపర్యంగా వాపు జబ్బు ఉన్న కుటుంబాల వాళ్లు ప్రిల్ జోలికి వెళ్లకూడదు. ఉబ్బసం ఉన్న వాళ్లకు ప్రిల్ దగ్గు ప్రత్యేకంగా ఎక్కువ రాదు, కానీ వస్తే ఏది ఉబ్బసం దగ్గో, ఏది మాత్ర దగ్గో తెలుసుకోవడం కష్టమైపోతుంది. షుగరుకు విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మాత్ర వాడుతున్న వాళ్ల విషయం చాలామంది పట్టించుకోరు. ప్రిల్ వల్ల పోగుపడే పదార్థాల్లో కొన్నింటిని తెంచే ఇంకో కత్తెరను గ్లిప్టిన్ పట్టేస్తుంది. రెండూ కలిస్తే వాపు ముప్పు పెరుగుతుందని విల్డాగ్లిప్టిన్ విషయంలో తేలింది. ఈ జంట మన దగ్గర చాలా చీటీల్లో కనపడుతుంది.

ఇదే కారణంతో గుండె బలహీనతకు ఇచ్చే సాకుబిట్రిల్, వల్‌సార్టాన్ కలిసిన మాత్రను ప్రిల్‌తో కలపనే కూడదు. సాకుబిట్రిల్ మూడో కత్తెరను పట్టేస్తుంది. ప్రిల్ చివరి మాత్రకూ దీని మొదటి మాత్రకూ మధ్య కనీసం 36 గంటలు గడవాలి. ఇంట్లో మిగిలిన పాత రామిప్రిల్ అట్టను పెద్దవాళ్లు పొరపాటున వేసుకునే ప్రమాదం ఉంది. అందుకే కొత్త మాత్ర రాసిన రోజే పాతది పారేయించాలి.

ప్రిల్‌ను, సార్టాన్‌ను కలిపి వాడితే బీపీ ఇంకా బాగా తగ్గుతుందనుకునేవారు ఒకప్పుడు. ఆన్‌టార్గెట్‌లో మూడో గుంపుకు అలాగే ఇచ్చారు. గుండెకు అదనంగా కలిగిన మేలేమీ లేదు, కళ్లు తిరిగి పడటం, కిడ్నీ దెబ్బతినడం, పొటాషియం పెరగడం మాత్రం ఎక్కువయ్యాయి. ఇద్దరు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు ఉన్న వాళ్లు, ఒకదాంట్లో ప్రిల్, ఇంకోదాంట్లో సార్టాన్ ఉన్నాయేమో ఈరోజే చూసుకోండి.

దగ్గు, వాపు తప్ప మిగతా జాగ్రత్తలు రెండింటికీ ఒకటే. గర్భం దాల్చే అవకాశం ఉన్న వాళ్లకు రెండూ పనికిరావు, కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. రెండింటితోనూ పొటాషియం పెరగొచ్చు. కాబట్టి రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటున్నా, సోడియం తక్కువని పొటాషియం ఉప్పు వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి. మోకాళ్ల నొప్పికి రోజూ నొప్పి మాత్రలు మింగడం కూడా వీటితో కలిస్తే కిడ్నీకి చేటు. విరేచనాలు, వాంతులు పట్టుకుని నీరసపడినప్పుడు మాత్ర కొన్నాళ్లు ఆపాలా అని ఫోన్ చేసి అడగాలి.

ఆవిడ మాత్ర ఎలా మార్చాం

ఆ రోజు ఆవిడ బీపీ 138/84. రామిప్రిల్ బీపీని బాగానే తగ్గించింది, దాని పని అది చేసింది. పొటాషియం 4.4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8. మర్నాటి నుంచి రామిప్రిల్ బదులు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు రాశాను, మధ్యలో ఖాళీ ఇవ్వలేదు. మిగిలిన రామిప్రిల్ అట్టను నా టేబుల్ మీదే వదిలి వెళ్లమన్నాను. సిరప్‌లన్నీ ఆపించాను.

ఒక విషయం గట్టిగా చెప్పి పంపాను. "రేపటికి తగ్గదమ్మా. వారం నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, కొందరికి మూడు నెలలు కూడా. పది రోజులకు తగ్గలేదని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి మళ్లీ సిరప్ రాయించుకోవద్దు." ఈ మాట చెప్పకపోతే చాలామంది రెండో వారంలోనే ఆశ వదిలేస్తారు. మందు ఒంట్లోంచి పోయినా, రెచ్చిపోయిన నరాల కొసలు సద్దుమణగడానికి సమయం పడుతుంది.

రెండు వారాలకు వచ్చింది. రాత్రి లేవడం మూడుసార్ల నుంచి ఒక్కసారికి తగ్గింది. బీపీ 142/86, కాస్త పెరిగింది. పొటాషియం 4.6, క్రియాటినిన్ 0.9. మాత్ర మార్చిన ఒకటి రెండు వారాలకు ఈ రెండు పరీక్షలూ చేయించడం తప్పనిసరి. క్రియాటినిన్ ముందున్న దానికంటే 30 శాతం లోపు పెరిగితే కంగారు పడం, అంతకు మించితే కారణం వెతకాలి. టెల్మిసార్టాన్ పూర్తి ప్రభావం రావడానికి నాలుగు వారాల వరకు పడుతుంది కాబట్టి డోసు పెంచలేదు.

ఐదో వారంలో బీపీ 132/82. దగ్గు గురించి నేను అడగకముందే ఆవిడే చెప్పింది. "మేనకోడలి సీమంతానికి వెళ్లొచ్చానండీ. మూడు గంటలు కూర్చున్నా, ఒక్కసారి కూడా దగ్గలేదు."

చీటీ మీద టెల్మిసార్టాన్ కింద ఇంకో లైను రాసి చదివి వినిపించాను: ప్రిల్ మాత్రతో దగ్గు వచ్చింది, మళ్లీ ఇవ్వవద్దు. ఆ చీటీని మడిచి సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది.